ఇంటి పని: బొమ్మలో పట్టిన మంచం

పోయిన నెల వానకు ఉబ్బిన తలుపుల గురించి రాసినాను. ఈ నెల కొయ్యకు పట్టే పురుగు గురించి రాద్దామనుకున్నా. ఇంతలో మా అక్క ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది ఈ మధ్య చాలా ఇళ్ళల్లో జరుగుతా ఉండేదే కాబట్టి ముందు దాన్నే చెప్తాను. పురుగు ఇంకొక నెల ఆగినా నష్టం లేదు.

అక్కది ఛాంపియన్ రీఫ్స్ పక్క పాత లైన్ ఇల్లు. ముందర ఒక గది, వెనక వంటగది, అంతే. మోకాళ్ళ నొప్పితో కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. అందుకని మంచం కావాలని చాలా రోజులుగా అంటా ఉంది. చీటీ డబ్బు చేతికి రాగానే ఆ పని పెట్టుకుంది. కొడుకు బెంగుళూరులో పని, పొద్దున్నే రైలుకు పోయి రాత్రికి వస్తాడు. కూతురు డిగ్రీ చదువుతా ఉంది.

ఆదివారం నేను పోతే అక్క ఫోను నా చేతికిచ్చింది. "చూడరా తమ్ముడూ, మన గది ఎంత విశాలంగా ఉండాదో!" అనింది.

చూసినాను. నిజంగానే కళ్ళు చెదిరేట్టు ఉంది. మా మేనకోడలు గదిని ఫోటో తీసి, బొమ్మలు తయారుచేసే ఏఐకి ఇచ్చి, "ఈ గదిలో ఐదడుగుల మంచం, అటూ ఇటూ చిన్న బల్లలు, స్టీలు బీరువా, చదువుకునే బల్ల పెట్టి చూపించు" అని అడిగిందంట. వెనక గోడకు ఆనించి నడుమన పెద్ద మంచం. రెండు పక్కలా బల్లలు, వాటి మీద దీపాలు. కిటికీ పక్కన బీరువా. ఇవన్నీ పోగా నడుమ పిల్లలు ఆడుకునేంత ఖాళీ జాగా. గోడ రంగు మా అక్క ఇంటిదే, గచ్చు మీద టైల్సు కూడా అవే.

"బాగుంది. ఇంతకీ ఏం చేసినారు?" అన్నాను.

"నిన్ననే అంగట్లో ఐదడుగుల మంచానికి అడ్వాన్సు నాలుగు వేలు కట్టేసినాం. మొత్తం ముప్పై ఎనిమిది వేలు."

మా అక్కకు తమ్ముడు కొయ్యపని చేసేవాడే. అయినా అడగలేదు. నాకు శ్రమ ఇవ్వకూడదని అనుకుందంట. ఆ మాట పక్కన పెడదాం.

నేను బొమ్మను పెద్దది చేసి, ముందు టైల్సు లెక్కపెట్టినాను. పోయిన ఏడాది ఆ టైల్సు పరిపించినప్పుడు నేనే దగ్గర ఉన్నాను. ఒక్కొక్కటి 24 ఇంచీలు, అంటే రెండడుగులు. గది పొడుగునా ఐదు టైల్సు పట్టి, ఆఖర్న రెండు వేళ్ళంత ముక్క పడింది. వెడల్పులో నాలుగు పట్టి, ఒక చిన్న ముక్క పడింది. బొమ్మలో పక్కగోడ వెంబడి లెక్కపెడితే తొమ్మిది టైల్సు ఉన్నాయి. తొమ్మిది అంటే పద్దెనిమిది అడుగులు! మా అక్క గది ఒక్క రాత్రిలో పక్కింట్లోకి పెరిగిపోయిందన్నమాట.

తర్వాత మంచం చూసినాను. దాని పొడుగు సరిగ్గా రెండు టైల్సు ఉంది. రెండు టైల్సు అంటే నాలుగడుగులు. నాలుగడుగుల పొడుగు మంచం మీద పదేళ్ళ పిల్ల కూడా కాళ్ళు చాపుకోలేదు. చూడ్డానికి మాత్రం పెద్దవాళ్ళ మంచం మాదిరే ఉంది.

బీరువాను తలుపుతో పోల్చినాను. మా అక్క పెళ్ళినాటి స్టీలు బీరువా ఎత్తు 78 ఇంచీలు, అంటే ఆరున్నర అడుగులు. వీధి తలుపు ఎత్తు దానికంటే మూడు ఇంచీలు తక్కువే, 75. బొమ్మలో బీరువా తల తలుపు గొళ్ళెం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అంటే అది సగం బీరువా.

ఆఖర్న వెనక గోడ చూసి నవ్వొచ్చింది. "అమ్మాయీ, వంటింట్లోకి దోవ యాడుంది?" అన్నాను. పిల్ల ఫోను తీసుకొని చూసింది. వెనక గోడలో ఎడమ మూల ఉండాల్సిన వాకిలి లేనే లేదు. అక్కడ బల్ల, బల్ల మీద దీపం, వెనకాల నున్నటి గోడ. మంచం నడుమన పెట్టమంటే, అడ్డం వచ్చిన వాకిలిని ఆ బొమ్మ నున్నగా పూడ్చేసింది.

"అయ్యో మామా, నేను కొలతలు చెప్పలేదు కదా, అందుకే తప్పు పోయింది. ఇప్పుడు కొలతలు రాసి మళ్ళీ అడుగుతా" అనింది. సరే అడుగు అన్నాను. గది 10 అడుగుల 2 ఇంచీల పొడుగు, 8 అడుగుల 4 ఇంచీల వెడల్పు అని రాసింది. వెనక గోడలో వాకిలి ఉందని కూడా రాసింది. ఒక నిమిషంలో ఇంకొక బొమ్మ వచ్చింది. ఈసారి వాకిలి వచ్చింది గానీ గోడకు నడుమన వచ్చింది. మంచం పక్కకు జరిగింది. గోడల వెంబడి బాణం గీతలు, వాటి మీద అంకెలు కూడా వచ్చినాయి. పొడుగు గోడ మీద రాయాల్సిన 10 అడుగులు పొట్టి గోడ మీద ఉంది. టైల్సు మళ్ళీ లెక్కపెట్టినాం. ఈసారి ఎనిమిది.

ఇక్కడే అసలు విషయం అర్థం చేసుకోవాల. కొలత చెప్తే ఆ బొమ్మ కొలత ప్రకారం గీస్తుందని మనం అనుకుంటాం. అది గీసే పద్ధతిలో కొలతకు చోటే లేదు.

పాత టీవీలో చానెల్ రాకపోతే తెర నిండా చుక్కలు చిందులేస్తా ఉండేవి, గుర్తుందా? ఇట్లాంటి ఏఐల్లో చాలామటుకు అట్లాంటి చుక్కల గందరగోళంతోనే మొదలుపెడతాయి. మనం రాసిన మాటలు, ఇచ్చిన ఫోటో దగ్గర పెట్టుకొని, ఆ చుక్కల్ని మెల్లమెల్లగా తేటపరుస్తా పోతాయి. ప్రతి అడుగులోనూ అది చూసుకునేది ఒక్కటే: ఇది పడకగది బొమ్మ మాదిరి కనపడతా ఉందా లేదా అని. లక్షల లక్షల ఫోటోలు, వాటి కింద రాసిన మాటలు చూసి అది నేర్చుకున్నది అదే. మంచం అంటే ఎట్లా కనపడాలో దానికి తెలుసు. మంచం అంటే ఎన్ని ఇంచీలో దానికి పట్టదు. "10 అడుగులు" అని మనం రాసినా, అది టేపు తీసి లాగదు. "చిన్న గది" అన్నట్టుగా ఆ మాటను కొంచెం లెక్కలోకి తీసుకుంటుంది, లేకపోతే అంకెను కూడా బొమ్మలో ఒక అలంకారంగా గీసేస్తుంది. ఆ బాణం గీతలు అట్లా వచ్చినవే.

ఇంకొకటి ఉంది. అడిగిన సామాను అంతా గదిలో చూపించాల. చోటు చాలకపోతే మనిషైతే "పట్టదమ్మా" అంటాడు. బొమ్మకు ఆ మాట చెప్పే పని లేదు. గదిని సాగదీస్తుంది, మంచాన్ని కుదిస్తుంది, అడ్డం వచ్చే తలుపును తుడిచేస్తుంది. మన కంటికి మాత్రం ఎక్కడా అతుకు కనపడదు.

మన లైన్లలో పెద్దవాళ్ళకు నేను ఇది ఇంకోరకంగా చెప్తాను. మా నాయన గనిలో టింబరు పని చేసినాడు. గని లోపల రెండు దిక్కుల నుంచి తవ్వుకుంటా వచ్చే సొరంగాలు నడుమ కలవాల. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత కింద చీకట్లో, రాతిలో, కంటితో చూసి కలపడం ఎవరి తరమూ కాదు. సర్వేవాళ్ళు షాఫ్టులో బరువు కట్టిన తీగలు దించి దిక్కు చూసుకొని, గొలుసుతో, టేపుతో కొలిచి కాగితం మీద ప్లాను గీసేవాళ్ళు. ఆ ప్లాను చూడ్డానికి ఏమీ బాగుండదు, ఉత్త గీతలు. అయితే కాగితం మీద ఒక ఇంచి అంటే గనిలో ఎన్ని అడుగులో ఆ మూలన రాసి ఉంటుంది. దాన్నే స్కేలు అంటారు. ఆ ఒక్క మాట ఉంది కాబట్టి గీతను నమ్మి రాయి పగలగొట్టినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినాయి గానీ, ఆ లెక్క మూతబడలేదు. బొమ్మకూ ప్లానుకూ తేడా అదే. ప్లాను అందంగా లేకపోయినా స్కేలు ఉంటుంది. ఏఐ బొమ్మ ఎంత అందంగా ఉన్నా స్కేలు ఉండదు. పైగా బొమ్మలో ముందర ఉండే జాగాకు ఒక స్కేలు, వెనక ఉండే జాగాకు ఇంకొక స్కేలు ఉన్నట్టుంటుంది.

పిల్ల ఇంకొక మాట అడిగింది. "మరి నేనిచ్చిన ఫోటో నిజమైందే కదా మామా?" నిజమైందే. కానీ ఫోటోలో కూడా ఇంచీలు ఉండవు. దగ్గరుండే చిన్న స్టూలు, దూరంగా ఉండే పెద్ద మేజా ఫోటోలో ఒకే సైజులో పడతాయి. చిన్న గదిని మొత్తం ఒకే ఫోటోలో పట్టించాలని మనం వాకిట్లో నిలబడి, ఫోనులో 0.5 అని ఉండే వెడల్పు లెన్సు పెడతాం. ఆ లెన్సుతో తీస్తే ముందరి గచ్చు సాగినట్టు, వెనక గోడ దూరంగా పోయినట్టు కనపడుతుంది. ఎనిమిదడుగుల గది అందులోనే పదడుగులుగా అనిపిస్తుంది. ఏఐ దాని మీద ఇంకొంచెం సాగదీస్తుంది.

ఇంక మాటలు చాలని టేపు తీసినాను. మేము కొలిచింది ఇట్లా. అన్నీ ఇంచీల్లోనే రాసుకున్నాం, అడుగులు ఇంచీలు కలిపితే కూడికలో తప్పు పోతుంది.

పాత లైన్ ఇళ్ళ గోడలు నిటారుగా ఉండవు. పూత మీద పూత పడి నడుమ ఉబ్బుంటాయి. అందుకని వెడల్పును మూడు చోట్ల కొలవాల: గచ్చు దగ్గర, నడుం ఎత్తున, తల ఎత్తున. మా అక్క గదిలో గచ్చు దగ్గర 101, నడుం ఎత్తున 100, పైన 101 వచ్చింది. మూడిట్లో చిన్నదే మన కొలత. వెడల్పు 100, పొడుగు 122.

తర్వాత తలుపులు. వీధి తలుపు ముందు గోడలో ఎడమ మూల ఉంది. రెక్క వెడల్పు 30, లోపలికి తెరుచుకొని ఎడమ గోడకు ఆనుకుంటుంది. వంటింటి వాకిలి వెనక గోడలో అదే ఎడమ పక్క, చట్రంతో కలిపి ఎడమ గోడ నుంచి 32 దాకా వస్తుంది. అంటే ఇంటి నడక అంతా ఎడమ పక్కనే. సామాను ఏం పెట్టినా కుడి పక్కనే పెట్టాల. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ప్లాను అయిపోయినట్టే. ముందు గోడలో కుడి పక్కకు కిటికీ ఉంది. కుడి గోడ అవతల పక్కిల్లు.

ఆ తర్వాత మంచం కొలత. ఇక్కడ చాలామంది మోసపోతారు. ఐదడుగుల మంచం అంటే పరుపు వెడల్పు ఐదడుగులు, 60 ఇంచీలు. దాని పొడుగు 78. మంచం చట్టం దానికి బయట ఉంటుంది. పక్కలకు రెండేసి ఇంచీలు, తల దిక్కు మూడు, కాళ్ళ దిక్కు రెండు కలిపితే మంచం నిజంగా ఆక్రమించేది 64 వెడల్పు, 83 పొడుగు. అంగట్లో అడిగేటప్పుడు "పరుపు సైజు కాదు, బయటి కొలత చెప్పండి" అని అడగాల.

అక్కకు అంకెలు చెప్తే విసుగు. అందుకని పాత పేపర్లు తెప్పించినాను. అన్నంతో పేపర్లు అంటించి 64కు 83 ముక్క చేసి, గచ్చు మీద పరిచినాం. మొదట బొమ్మలో ఉన్నట్టు వెనక గోడకు నడుమన పెట్టినాం. రెండు పక్కలా 18 ఇంచీలు మిగిలింది. కానీ వంటింటి వాకిలి 32 దాకా ఉంది కదా, మంచం దాంట్లోకి 14 ఇంచీలు దూరిపోయింది. అక్క బిందె చంకన పెట్టుకొని నడవబోయి పేపరు తొక్కింది. "ఇది నా మంచమే అయితే ఇప్పుడు మోకాలు కొట్టుకునేదాన్ని" అనింది.

సరే అని కుడి మూలకు తోసినాం. ఎడమ పక్క 36 ఇంచీల దోవ మిగిలింది. "ఇంకేం, పట్టిందిలే!" అనింది అక్క. కాగితం లెక్కన పట్టినట్టే. అప్పుడు నేను "రాత్రి అబ్బాయి యాడ పడుకుంటాడు?" అన్నాను. ఇద్దరూ మాట్లాడలేదు. వాడు పడుకునేది ఆ దోవలోనే, చాప మీద. చాప తెచ్చి పరిచినాం. దాని వెడల్పు 30. ఇంక మిగిలింది 6 ఇంచీలు. రాత్రి రెండుసార్లు లేచి వెనక్కు పోయే అక్క, చేతికర్ర పట్టుకొని, నిద్రపోయే కొడుకును దాటుకొని పోవాల. ఏఐ బొమ్మలో చాప లేదు. చాప గీయమని మనం చెప్పలేదు, దానికి మన ఇంటి రాత్రి తెలియదు.

పేపరును మడిచినాం. నాలుగడుగుల మంచం అయితే బయటి కొలత 52. చాప పోగా 18 మిగులుతుంది. నాకైతే సరిపోతుంది, అక్కకు చాలదు. ఇంకొక మడత వేసినాం. మూడున్నర అడుగుల పరుపు, అంటే 42 ఇంచీలు. మంచం బయటి వెడల్పు 46, పొడుగు 80. ఎడమ పక్క 54 మిగిలింది. చాప పోగా 24. అక్క కర్ర పట్టుకొని అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. "ఇది చాలు" అనింది. ఆ మాట బొమ్మ చూసి చెప్పింది కాదు, కాలితో చెప్పింది.

పేపరును ఆ రాత్రికి తీయకుండా అట్లే ఉంచమన్నాను. పగలు నడిచేది వేరు, నిద్రమత్తులో నడిచేది వేరు. మరుసటి రోజు పిల్ల ఫోను చేసి, "అమ్మ రాత్రి ఒక్కసారి కూడా పేపరు తొక్కలేదు మామా" అని చెప్పింది. అప్పుడే కొలత ఖాయం చేసుకున్నా.

బీరువాకు కూడా ఇదే పద్ధతి. దాని వెడల్పు 36, లోతు 19. కుడి గోడ 122లో మంచానికి 80 పోతే ముందర 42 మిగులుతుంది. బీరువా వీపు కుడి గోడకు ఆనిస్తే 36 అందులో పడుతుంది. బీరువా విషయంలో మనం మరిచిపోయేది దాని రెక్కలు. ఒక్కో రెక్క 18 ఇంచీలు ముందుకు తెరుచుకుంటుంది. ఆ రెక్క తిరిగే చోటును సుద్దముక్కతో గచ్చు మీద అర్ధచందమామ మాదిరి గీసినాం. తర్వాత పిల్ల చదువుకునే బల్ల. దానికి కాళ్ళు వద్దని, కిటికీ కింద గోడకు బందులు బిగించి, పైకి లేపితే బల్ల, దించితే గోడ అయ్యేట్టు 34 వెడల్పు, 16 లోతు పలక అనుకున్నాం. దానికి కూడా పేపరు పెట్టినాం. పెడితే బల్ల పేపరు మూల, బీరువా రెక్క గీసిన సుద్దగీత మీదికి వచ్చింది. అంటే బల్ల లేపి ఉన్నప్పుడు బీరువా ఒక రెక్క తెరుచుకోదు. పిల్ల కొంచెం ఆలోచించి, "బీర్వా తీసేటప్పుడు బల్ల దించుతాను, పర్వాలేదు" అనింది. ఇది కష్టమే, కాదనను. కానీ తెలిసి ఒప్పుకున్న కష్టం. ముప్పై ఎనిమిది వేలు పోసినాక తెలిసే కష్టం కంటే ఇది మేలు.

బీరువా జరిపేటప్పుడు ఒక మాట. ఆ మూల పైన అటక ఉంది, గచ్చు నుంచి దాని అడుగుకు 79 ఇంచీలు. బీరువా ఎత్తు 78. ఒక ఇంచి తక్కువే కాబట్టి పడుతుంది. అయితే దాన్ని వంచి తెచ్చి అక్కడ నిలబెడదామంటే కుదరదు. 78 ఎత్తు, 19 లోతు ఉండే పెట్టెను పక్కకు వంచి లేపినప్పుడు, ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉండే కొలత లేస్తుంది. అది 80 ఇంచీల పైన ఉంటుంది. అటక తగులుతుంది. అందుకని గది నడుమ, పైన ఖాళీ ఉండే చోట నిటారుగా నిలబెట్టి, కింద గోనెపట్ట వేసి నిలువునే తోసుకుంటా పోయినాం. కొత్త బీరువా కొనేవాళ్ళు కూడా ఈ మూలల కొలత చూసుకోండి. వీధి తలుపు 75 ఎత్తుండే ఇంట్లోకి 78 బీరువా నిటారుగా రాదు, వంచే తేవాల. లోపల మళ్ళీ నిలబెట్టేందుకు పైన చోటు ఉండాల.

మరి ఆ బొమ్మ ఉత్త దండగేనా అంటే, కాదు. మంచం తల దిక్కు పలక ఎట్లా ఉండాలో నాకు అక్క ఎన్నోసార్లు మాటల్లో చెప్పింది, నాకు అర్థం కాలేదు. బొమ్మలో చూపించింది, అర్థమైంది. నున్నటి పలక, పైన కొంచెం వంపు. లేత గోడకు ముదురు కొయ్య రంగు బాగుంటుందా, లేత రంగు బాగుంటుందా అని పిల్ల రెండు బొమ్మలు తీసి చూపించింది. ముదురు రంగుతో గది ఇరుకుగా అనిపించింది, లేతదే పెట్టినాం. రంగు, ఆకారం, ఏది దేని పక్కన కంటికి బాగుంటుంది అనేదాకా బొమ్మ పనికొస్తుంది. ఎంత, ఎక్కడ, పడుతుందా లేదా అనేది టేపు పని. మిల్లులో బట్ట రంగు కంటితో చూస్తారు, పన్నా టేపుతో చూస్తారు. ఒకటి ఇంకొకటి చేసే పని కాదు.

మీ ఇంట్లో పిల్లలు ఇట్లాంటి బొమ్మ తెస్తే వాళ్ళను కసురుకోవద్దు. కూర్చోబెట్టుకొని దాంట్లో మూడు చూడండి. మొదటిది, కొలత తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోండి: టైలు గానీ, తలుపు గానీ. దాంతో మంచాన్ని, బీరువాను పోల్చండి. రెండోది, మీ గదిలో ఉండే తలుపులు, కిటికీలు, కరెంటు స్విచ్చుల పెట్టె అన్నీ బొమ్మలో వాటి చోట్లలోనే ఉన్నాయా చూడండి. ఒక్కటి జరిగినా, మాయమైనా, ఆ బొమ్మ మీ గది కాదు. మూడోది, అదే మాటలతో రెండోసారి బొమ్మ అడగండి. రెండు బొమ్మల్లో గది సైజు, సామాను సైజు ఒకే మాదిరి రాకపోతే, రెండిట్లో దేన్నీ కొలతకు నమ్మలేరు. నిజమైన గది ఎన్నిసార్లు కొలిచినా మారదు కదా.

అక్క మంచం ఈ నెల మొదట్లో ఇచ్చేసినాను. ఎత్తు మామూలుగా కంటే కొంచెం పెంచి, పరుపుతో కలిపి 20 ఇంచీలు పెట్టినాను, మోకాళ్ళు ఎక్కువ మడవకుండా లేచేదానికి. కింద రెండు సొరుగులు. అంగట్లో కట్టిన నాలుగు వేలు మాత్రం తిరిగి రాలేదు. ఆర్డరు పెట్టేసినాం, ఇవ్వలేము అన్నారు. నాలుగు వేలంటే అక్కకు ఒక నెల బియ్యం, పప్పు, గ్యాసు. ఆ రసీదును అక్క పారేయలేదు. మడిచి, నా పాత టేపుతో పాటు కొత్త మంచం సొరుగులో పెట్టుకుంది.

పోయిన వారం మా మేనకోడలు స్నేహితురాలు ఒకామె ఫోనులో వంటింటి బొమ్మ పట్టుకొని వచ్చింది, సామాను బల్ల చేయించాలని. నేను టేపు తీసే లోపలే మా పిల్ల అడిగింది: "ముందు చెప్పు, దీంట్లో గ్యాసు సిలిండరు యాడుంది?"

బొమ్మలో సిలిండరు లేదు. ఇద్దరూ పాత పేపర్లు వెతుక్కుంటా లోపలికి పోయినారు.

వచ్చే నెల కొయ్యకు పట్టే పురుగు గురించి రాస్తాను. మీ ఇంట్లో మంచం కోళ్ళ దగ్గర పిండి మాదిరి పొడి రాలుతా ఉంటే, ఊడ్చేయకుండా ఒక పొట్లంలో కట్టి ఉంచండి. ఆ పొడిని చూసే పురుగు ఏదో చెప్పొచ్చు.